వీపు చూసి కొనాల్సిన పెట్టెలు

తెనాలిలో మా బావమరిదికి హోల్‌సేల్ కిరాణా కొట్టుంది. హనుమకొండలో నా స్నేహితుడొకడు మేడ మీద రెండు గదుల్లో జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసే ఆఫీసు నడుపుతాడు. ఒకే నెలలో ఇద్దరికీ కంప్యూటర్లు కావాల్సి వచ్చాయి. కొత్తవి వద్దు, పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి వదిలేసిన రీఫర్బిష్డ్ పెట్టెలు చాలని ఇద్దరూ అనుకున్నారు. ఇద్దరూ నన్నే రమ్మన్నారు. అలా ఒక శనివారం ముగ్గురం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కాం.

ఒక కొట్టులో కుర్రాడు రెండు పెట్టెలు తెచ్చి అద్దాల కౌంటర్ మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి డెల్ ఆప్టిప్లెక్స్ 7060, అందులో స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్ అనే సన్న రకం. నిలబెడితే 29 సెంటీమీటర్ల ఎత్తు, లోతు కూడా ఇంచుమించు అంతే, మందం 9 సెంటీమీటర్ల పైచిల్లర. రెండోది లెనోవో థింక్‌సెంటర్ ఎం720క్యూ, వాళ్ళు టైనీ అంటారు. అరకిలో మిఠాయి డబ్బా అంత ఉంటుంది, మందం మూడున్నర సెంటీమీటర్లు. పరిమాణం లెక్కేస్తే మొదటి పెట్టెలో రెండోవి దాదాపు ఏడు పడతాయి. డెల్‌కి 14,500, లెనోవోకి 15,500 చెప్పాడు. రెండిట్లోనూ 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ.

"చిన్నదానికి ఎక్కువా?" అన్నాడు మా బావమరిది. బెల్లం దిమ్మలు తూకమేసి అమ్మేవాడికి అది సబబైన ప్రశ్నే.

నిజానికి పనిలో ఈ రెండూ దాదాపు కవలలు. డెల్‌లో ఉన్నది ఇంటెల్ ఐ5-8500, లెనోవోలో ఐ5-8500టి. రెండూ 2018 నాటి ఒకే కాన్పు, రెండిటికీ ఆరేసి కోర్లు. చివర ఉన్న టి అక్షరం ఒక్కటే తేడా. మొదటిది 65 వాట్ల వేడికి లెక్కగట్టి చేసింది, రెండోది 35 వాట్లకి. పరుగు పెడితే మొదటిది 4.1 గిగాహెర్ట్జ్ దాకా, రెండోది 3.5 దాకా పోతాయి. టాలీలో బిల్లు కొట్టడానికి, ఎక్సెల్ తెరవడానికి, జీఎస్టీ పోర్టల్ ముందు కూర్చుని గుండ్రంగా తిరిగే గుర్తును చూడడానికి ఈ తేడా ఎవరికీ అందదు. గంటల తరబడి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోకయితే అందుతుంది. కాబట్టి "ఏది స్పీడు?" అన్న ప్రశ్నను అక్కడితో పక్కన పెట్టాం. అమ్మేవాడు మాత్రం పావుగంట దాని మీదే మాట్లాడాడు.

స్పీడు కన్నా ముందు చూడాల్సింది తరం. షాపులో "ఐ5 సార్, ఐ7 సార్" అంటారు. అది ఇంటిపేరు చెప్పి ఊరుకోవడం లాంటిది, మనిషెవరో తెలియదు. ఐ5-7500 కూడా ఐ5-యే. దానికి నాలుగే కోర్లు, పైగా విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో అది లేదు. ఇంటెల్‌లో ఆ జాబితా, ఒకటీ అరా మినహాయింపులు పోను, ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అందుకే ఆరో, ఏడో తరం పెట్టెలు ఆఫీసుల నుంచి కుప్పలుగా బయటికొచ్చి చవగ్గా దొరుకుతున్నాయి. మోడల్ నంబర్లో ఒక్క అంకె తేడాతో పొరపాటు జరిగిపోతుంది. ఆప్టిప్లెక్స్ 7050 ఆరు, ఏడు తరాలది, 7060 ఎనిమిదోది. లెనోవోలో ఎం910క్యూ పాతది, ఎం720క్యూ, ఎం920క్యూ పనికొచ్చేవి. హెచ్‌పీలో ఎలైట్‌డెస్క్ 800 జీ3 వద్దు, జీ4 నుంచి తీసుకోవచ్చు. ఏడో తరం పెట్టెలో కూడా విండోస్ 11 ఎక్కించి చూపిస్తారు, అడ్డు తప్పించే పద్ధతులున్నాయి. ఆడుతుంది కూడా. రేపు అప్‌డేట్లు వస్తాయన్న పూచీ ఉండదు, అంతే. ఇంట్లో పిల్లాడి చదువుకి నేనే అలాంటిది ఇప్పించాను. ఖాతాలుండే కొట్టుకి ఇప్పించను.

తరం తేలాక ఇక చూడాల్సింది పెట్టె వీపు. ముందు వైపు చూసి కంప్యూటర్ కొనేవాళ్ళే ఎక్కువ. కొట్టులో పని నడిచేదీ ఆగేదీ వెనక వైపే.

తెనాలి కొట్టులో కౌంటర్ పక్కన ఎలక్ట్రానిక్ కాటా ఉంది. దాని నుంచి తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్ వస్తుంది. బస్తా పెట్టగానే బరువు నేరుగా బిల్లులో పడుతుంది. బిల్లు వచ్చేది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద, మూడు కాపీలు కావాలి కాబట్టి. ఆ ప్రింటర్ కూడా పాతది, పెద్ద పారలల్ కేబుల్ తప్ప మరోటి ఎరగదు. డెల్ పెట్టెను తిప్పి చూస్తే వెనకాల సీరియల్ పోర్టు సిద్ధంగా ఉంది. పారలల్ లేదు గానీ, లోపల పొట్టి కార్డులు పట్టే స్లాట్లు రెండున్నాయి, ఒకదాంట్లో పారలల్ కార్డు పెట్టుకోవచ్చు. లెనోవో టైనీ వీపు మీద నాలుగు యూఎస్‌బీలు, నెట్‌వర్క్, రెండు డిస్‌ప్లే రంధ్రాలు ఉన్నాయి. సీరియల్ పోర్టుకి చోటు వదిలారు గానీ ఈ పెట్టెను మొదట కొన్న కంపెనీ దాన్ని పెట్టించుకోలేదు, రేకు మూత బిగించి ఉంది.

"దానికేముంది సార్, యూఎస్‌బీ కన్వర్టర్ వేసుకుంటారు" అన్నాడు కుర్రాడు. వేసుకోవచ్చు, వేసుకుని బతికేవాళ్ళున్నారు. అయితే ఆ కన్వర్టర్ ఏం చేస్తుందో తెలిసి వేసుకోవాలి. బిల్లింగ్ ప్రోగ్రాం కాటాను `COM1` దగ్గర వెతుకుతుంది. కన్వర్టర్‌కి విండోస్ `COM3` అనో `COM5` అనో పేరు పెడుతుంది. ఊడ్చేటప్పుడు ఎవరో తీగ పీకి పక్క యూఎస్‌బీలో గుచ్చితే పేరు మళ్ళీ మారొచ్చు. ఆ పూట బరువు రాదు, కాటా పాడైందని మెకానిక్‌ను పిలుస్తారు. డివైస్ మేనేజర్‌లో నంబర్ మార్చుకుంటే సరిపోతుందని ఎవరికీ తోచదు. చవక కన్వర్టర్లలో ఇంకో తగులాటం ఉంది. వాటిలోని చిప్పు పాతదో నకలుదో అయితే కొత్త డ్రైవర్ దాన్ని గుర్తుపట్టి పని చేయనివ్వదు. అప్పుడు డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు పేరు ఉండాల్సిన చోట `PL2303HXA PHASED OUT SINCE 2012. PLEASE CONTACT YOUR SUPPLIER.` అని కనిపిస్తుంది. ఆ సప్లయర్ అప్పటికి ఏ రైల్వే స్టేషన్ దగ్గరి ఫుట్‌పాత్ మీదుంటాడో!

పారలల్ ప్రింటర్‌కి దొరికే యూఎస్‌బీ కేబుల్‌దీ ఇదే కథ. విండోస్ ప్రోగ్రాములకి అది మామూలు ప్రింటర్‌లా కనిపిస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. నేరుగా `LPT1` అనే పోర్టుకి రాసే పాత బిల్లింగ్ ప్రోగ్రాములకి మాత్రం అది కంటికి ఆనదు. ప్రింటర్‌ను షేర్ చేసి, ఆ పేరును పోర్టుకి తగిలిస్తే కొన్నిసార్లు గట్టెక్కుతుంది:

```
net use LPT1: \\COUNTER1\DOTM /persistent:yes
```

ఇక్కడ `COUNTER1` కంప్యూటర్ పేరు, `DOTM` ప్రింటర్‌ను షేర్ చేసినప్పుడు పెట్టిన పేరు. ఆ బిల్లింగ్ ప్రోగ్రాం డాస్ కాలం నాటిదే అయితే ఈ మంత్రం కూడా పారదు. విండోస్ 11కి 32-బిట్ రూపమే లేదు, 64-బిట్ విండోస్‌లో ఆ 16-బిట్ ప్రోగ్రాములు అసలు తెరుచుకోవు. పెట్టె కొనకముందే కొట్టులో నడిచే ప్రోగ్రాం ఏ కాలం నాటిదో కనుక్కోమనేది ఇందుకే. మా బావమరిదిది విండోస్ ప్రోగ్రామే, బతికిపోయాడు.

హనుమకొండ ఆఫీసులో వెనక తగిలించాల్సిన సామాను వేరు. కీబోర్డు, మౌసు, లేజర్ ప్రింటర్, క్లయింట్ల డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు. టోకెన్లు రోజుకి పాతికసార్లు పెట్టి తీస్తారు కాబట్టి యూఎస్‌బీ ముందు వైపు ఉండాలి, టైనీకి ముందు వైపు ఉంది. నాలుగు టేబుళ్ళు పట్టిన గదిలో కాళ్ళు చాపుకోను చోటు లేదు. టైనీని మానిటర్ వీపుకే బిగించే బ్రాకెట్ దొరుకుతుంది, టేబుల్ మీద చోటు కాగితాలకి మిగులుతుంది. అక్కడ చిన్న పెట్టె సొగసు కోసం కాదు, అవసరం కోసం.

అయితే వాళ్ళ దగ్గరున్న మానిటర్లలో రెండు పాతవి, నీలం రంగు వీజీఏ తప్ప మరో దారి లేనివి. టైనీలో ఉన్నవి ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్. ఈ ఆఫీసు పెట్టెల నుంచి డిస్‌ప్లేపోర్ట్‌ను హెచ్‌డీఎంఐ మానిటర్‌కి కలపాలంటే మామూలు కేబుల్ చాలు. వీజీఏకి కలపాలంటే లోపల చిప్పు ఉన్న కన్వర్టర్ కావాలి. హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కి పోవాలంటే మామూలు కేబుల్ పనికిరాదు, రెండు కొసలూ చక్కగా గుచ్చుకుంటాయి గానీ తెర వెలగదు. ఈ చిల్లర తీగలకయ్యే ఖర్చు కూడా పెట్టె ధరలోనే కలిపి చూడాలి. మూడు టైనీలకి ఇలాంటివి కొంటే పద్దు 2,000 దాటింది.

కరెంటు ఆదా అవుతుందని చిన్న పెట్టెను పొగిడేవాళ్ళున్నారు. లెక్క వేద్దాం. ఆఫీసు పనిలో రెండిటికీ మధ్య తేడా పది వాట్లనుకుందాం. రోజుకి పది గంటలు, నెలకి 26 రోజులు, ఏడాదికి 31 యూనిట్లు. కమర్షియల్ యూనిట్ పది రూపాయలనుకున్నా ఏడాదికి 310 రూపాయలు. దాని కోసం ఏ పెట్టెనూ ఎంచనక్కర్లేదు. యూపీఎస్ మీద మాత్రం ఆ పది వాట్లు పనికొస్తాయి. కరెంటు పోయినప్పుడు సగం నింపిన రిటర్ను సేవ్ చేసుకోవడానికి మరి కొన్ని నిమిషాలు దొరుకుతాయి.

చెడిపోయిన రోజున ఏమవుతుందన్న దగ్గర నేను చాలాకాలం తప్పుగానే అనుకున్నాను. డెస్క్‌టాప్ అంటే ఏ ఊళ్ళోనైనా బాగవుతుంది, మినీ అంటే బాగవదు అనేది అందరి నమ్మకం, నాదీ అదే. పెట్టె మూత తీసి చూస్తే సగమే నిజమని తేలింది. డెల్ సన్న డెస్క్‌టాప్‌లో ఉన్న పవర్ సప్లై, మన మెకానిక్‌లు ఎస్ఎంపీఎస్ అనేది, బజారులో 24 పిన్నులతో దొరికే మామూలు రకం కాదు. ఆకారం వేరు, పిన్నులు ఆరే. తెనాలి బోసు రోడ్డులో సాయంత్రం ఆరింటికి అడిగితే దొరికే వస్తువు కాదది. అదే మోడల్‌దే తెప్పించాలి, హైదరాబాదు నుంచో ఆన్‌లైన్‌లోనో రావాలి. మినీకయితే పవర్ సప్లై పెట్టె బయటే ఉంటుంది, ల్యాప్‌టాప్ అడాప్టరే. లెనోవో టైనీకి ఆ కంపెనీ ల్యాప్‌టాప్‌లకి ఉన్న పలక పిన్ను అడాప్టర్ సరిపోతుంది, 65 వాట్లు చాలు. ఒకటి అదనంగా కొని బీరువాలో పెట్టుకుంటే, పోయిన రోజున స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ర్యామ్ కూడా ల్యాప్‌టాప్‌దే, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ప్రతి కొట్టులో ఉంటుంది.

మినీ గెలిచిందనుకునే లోపు ఇంకో సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఇంకొకరికి నేను కొనిపెట్టిన మినీ ఒకటి వారం తిరక్కుండానే నత్త నడక మొదలుపెట్టింది. ఆన్ చేయగానే అడాప్టర్ ఏ రకమో తెలియడం లేదని ఇంగ్లీషులో ఒక ముక్క వస్తోంది, ఎఫ్1 నొక్కి ముందుకెళ్ళిపోతున్నారు. నేను వెళ్ళి టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంది. పెట్టెతో వచ్చిన అడాప్టర్ నకలుది. అసలు అడాప్టర్ తన వాట్లెంతో చిన్న సంకేతంతో పెట్టెకి చెబుతుంది, నకలుది చెప్పలేదు, దాంతో పెట్టె జాగ్రత్త పడి వేగం తగ్గించుకుంది. అసలుది తెచ్చి పెట్టగానే గుర్రమైంది. అమ్మినవాడు ఫోన్లో అన్నమాట మాత్రం గుర్తుండిపోయింది: "అడాప్టర్‌కి వారంటీ లేదు సార్, పెట్టెకే."

డెస్క్‌టాప్ నిజంగా గెలిచేది దుమ్ము దగ్గర. తెనాలి కొట్టులో పసుపు, కారం, శనగపిండి మూటలు విప్పుతూనే ఉంటారు. టైనీలో ఒకే ఒక సన్న బ్లోయర్, దాని ముందు దువ్వెన పళ్ళలాంటి రేకులు. ఆ సందుల్లో పిండి చేరితే గాలి ఆడదు. ఫ్యాను ఈల వేస్తుంది, అరగంట పనయ్యాక బిల్లు ఆగి ఆగి వస్తుంది, పొద్దున్నే మాత్రం బాగానే ఉంటుంది. ఇలా పొద్దున మంచిగా, మధ్యాహ్నం మందంగా ఉంటే ముందు వేడినే అనుమానించాలి. డెల్ పెట్టెకీ దుమ్ము పడుతుంది, కానీ పెద్ద ఫ్యాను, వెడల్పు సందులు. సైడు రేకు తీసి బ్లోయర్‌తో ఊదితే పోతుంది.

ఇక మిగిలింది డేటా ఎక్కడుంటుందన్నది. టాలీని ముగ్గురు వాడితే ముగ్గురూ కొట్టేది ఒక కంప్యూటర్లోని ఫోల్డర్‌నే. ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ అయితే ఎస్ఎస్‌డీతో పాటు పెద్ద హార్డ్‌డిస్క్ ఒకటి లోపలే పెట్టి, రోజూ రాత్రి దాని మీదికి కాపీ పడేలా చేయొచ్చు. టైనీలో రెండో డిస్క్‌కి చోటుంది గానీ రెండున్నర అంగుళాల చిన్నదే పడుతుంది. పనవుతుంది, ఇరుకు. ఏది పెట్టినా ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇంటికెళ్ళాల్సిందే, దొంగ పెట్టెనే ఎత్తుకెళితే రెండు డిస్కులూ కలిసే పోతాయి.

ఇన్ని తేల్చుకున్నాక అమ్మేవాడి వైపు తిరిగాం. అతని కొట్టులో రెండు పెట్టెలకీ ఒకే ప్రశ్నలు వేశాను, జవాబులు మాత్రం వేరువేరుగా వచ్చాయి.

మొదటిది, "సీరియల్ నంబర్ చూపించు." డెల్‌లో దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు, ఏడు అక్షరాలు. కంపెనీ వెబ్‌సైట్‌లో కొడితే ఆ పెట్టె ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు బయల్దేరిందో, ఏ ప్రాసెసర్‌తో, ఎంత ర్యామ్‌తో బయల్దేరిందో వస్తుంది. స్టిక్కర్ మీది నంబర్ ఒకటి, లోపల బోర్డులో ఇంకొకటి ఉంటే బోర్డు మార్చారనో, ఒకదాని రేకులు ఇంకొకదానికి వేశారనో అర్థం. లోపలిది చూడ్డానికి పవర్‌షెల్‌లో ఒక్క వరస చాలు. దాని కిందే విండోస్ సంగతి తేల్చే రెండు వరసలు కూడా కొట్టించాను:

```
(Get-CimInstance Win32_BIOS).SerialNumber
slmgr /dli
slmgr /xpr
```

రెండో వరస ఆ విండోస్ ఏ దారిన వచ్చిందో చెబుతుంది. `OEM_DM` అని ఉంటే పెట్టెతో పుట్టిన కీ, బోర్డులోనే ఉంటుంది, మళ్ళీ విండోస్ ఎక్కించినా దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. డెల్‌లో అదే వచ్చింది. లెనోవోలో `VOLUME_KMSCLIENT` అని వచ్చింది, మూడో వరసకి గడువు తేదీ కూడా చూపించింది. పెద్ద సంస్థల సర్వర్ నుంచి నెలల చొప్పున పొడిగించుకునే పద్ధతి అది. తెనాలి కొట్టుకి, హనుమకొండ మేడ మీది గదికి అలాంటి సర్వర్ ఎక్కణ్ణించి వస్తుంది? ఏదో చాటు ప్రోగ్రాంతో నడిపిస్తున్నారన్నమాట. క్లయింట్ల పాస్‌వర్డులు, డిజిటల్ సంతకాలు ఉండే కంప్యూటర్లో చాటు ప్రోగ్రాం నాకు సమ్మతం కాదు. "ఇది తీసేసి ఖాళీగా ఎక్కించు, బోర్డులో కీ ఉందో లేదో చూద్దాం" అన్నాను. కుర్రాడు లోపలికెళ్ళి ఓనర్‌ను పిలుచుకొచ్చాడు.

ఖాళీగా ఎక్కించమనడంలో ఇంకో ఎత్తుగడ ఉంది. కొన్ని కంపెనీలు తమ కంప్యూటర్లను మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేయించి ఉంచుతాయి, ఆటోపైలట్ అంటారు. అమ్మేసేటప్పుడు ఆ పేరు కొట్టేయించడం మర్చిపోతారు. అలాంటి పెట్టెలో విండోస్ కొత్తగా ఎక్కించి, మొదటి తెరల్లోనే ఇంటర్నెట్ కలిపితే, ఫలానా సంస్థకి స్వాగతం అంటూ వాళ్ళ ఆఫీసు ఈమెయిల్ అడుగుతుంది. ఇంటర్నెట్ కలపకుండా సెటప్ చేసి అమ్మితే ఇది కనపడదు. ఏడాది తర్వాత ఎప్పుడో రీసెట్ చేసినప్పుడు బయటపడుతుంది. ఆ పేరు తీయించగలిగింది పాత సంస్థ, లేదా మైక్రోసాఫ్ట్. కొట్టువాడి వల్ల కాదు. అందుకే నెట్ కేబుల్ గుచ్చే ఎక్కించమన్నాను. అరగంట పట్టింది. లెనోవో ఎవరి పేరూ అడగలేదు, బోర్డులోని కీతో యాక్టివేట్ కూడా అయింది. ఉన్న కీని వదిలేసి చాటు ప్రోగ్రాం ఎందుకు వేశారని అడిగితే ఓనర్ నవ్వాడు. "అన్నిట్లోకీ ఒకటే ఇమేజ్ కొడతాం సార్, ఎవరు చూస్తారు?"

బయోస్‌లోకి వెళ్ళి చూపించమన్నాను. డెల్‌కి ఎఫ్2, లెనోవోకి ఎఫ్1, హెచ్‌పీకి ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగితే ఆ పెట్టెను అక్కడే వదిలేయాలి. దాన్ని తీయడానికి కొన్నిటికి బోర్డు మీద జంపర్ ఉంటుంది, కొన్నిటికి బోర్డే మార్చాలంటారు. రెండూ అడగలేదు. డెల్‌లో తేదీ మాత్రం ఎన్నో ఏళ్ళు వెనక్కి ఉంది. బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. యాభై రూపాయల వస్తువే గానీ దాని వల్ల తేదీ తప్పితే వెబ్‌సైట్లు తెరుచుకోవు, బిల్లు పాత తేదీతో పడుతుంది. అక్కడే మార్పించాం.

ఎస్ఎస్‌డీ విషయం నేను అడగకుండా వదలను. కంపెనీలు పెట్టెలు అమ్మేటప్పుడు డిస్కులు తీసేసుకుంటాయి, దుకాణదారు తన డిస్కు వేస్తాడు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే పేరు, నడిచిన గంటలు, ఆరోగ్యం ఎంత శాతమో కనిపిస్తాయి. డెల్‌లో ఉన్నది పేరున్న కంపెనీదే, 19,000 గంటలు దాటింది, ఆరోగ్యం 91 శాతం. లెనోవోలో ఉన్నది నేనెన్నడూ వినని పేరుది, బొత్తిగా కొత్తది. మా స్నేహితుడు కొత్తదే మేలన్నాడు. నాకు ఆ ఊరూ పేరూ లేని కొత్తదాని కన్నా గంటలు లెక్క చెప్పే పాతదే నయమనిపించింది. చివరికి రెండూ వద్దన్నాం. డిస్కులు లేకుండా ధర ఎంతని అడిగి, తగ్గించిన డబ్బుకి మేమే కొంత కలిపి మంచి కంపెనీ 500 జీబీవి కొత్తగా వేయించాం.

బిల్లు దగ్గర మా స్నేహితుడు రంగంలోకి దిగాడు, అది అతని రాజ్యం. కంప్యూటర్‌కి 18 శాతం జీఎస్టీ. ఆ పన్ను బిల్లులో విడిగా రాస్తే రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. పాత సామాను అమ్మేవాళ్ళకి ఇంకో పద్ధతి కూడా ఉంది. కొన్నదానికీ అమ్మినదానికీ మధ్య మిగిలిన లాభం మీదే పన్ను కట్టొచ్చు. అప్పుడు బిల్లులో పన్ను విడిగా కనపడదు, కొన్నవాడికి క్రెడిట్ రాదు. రెండూ చట్టం ఒప్పుకున్నవే. కానీ ఒక కొట్టువాడు 14,500 చెప్పి, పక్కవాడు 15,800 చెప్పినప్పుడు, ఏది ఏ పద్ధతిలో చెప్పాడో అడగకపోతే పోలికే తప్పుతుంది. 15,800లో పన్ను కలిసి ఉండి, విడిగా చూపిస్తే, అందులో 2,410 వెనక్కి వస్తుంది. అలా చూస్తే పెట్టె పడింది 13,390కే.

వారంటీ మాట చివర్న వచ్చింది. ఓనర్ "టెస్టింగ్ వారంటీ పదిహేను రోజులు, తర్వాత ఆరు నెలలు సర్వీస్" అన్నాడు. సర్వీస్ అంటే తెనాలి నుంచి పెట్టెను ఎవరు పంపాలి, కొరియర్ ఎవరు కట్టాలి, బాగుచేసే లోపు మారు పెట్టె ఇస్తాడా, అడాప్టర్ అందులో కలుస్తుందా అని అడిగాను. మొదటి మూడిటికీ చప్పున జవాబు చెప్పాడు, ఒకటీ మనకి అనుకూలం కాదు. నాలుగోదానికి ఆగాడు. "అడాప్టర్‌కి ఇవ్వం సార్."

తెనాలికి డెల్‌లు రెండు, ఒకటి కాటా ఉన్న కౌంటర్‌కి, ఇంకోటి టాలీ డేటా ఉండేది. వెనక గదిలో పద్దులు రాసే అమ్మాయికి ఒక టైనీ. హనుమకొండకి మూడు టైనీలు, ఒక డెల్. మొత్తం ఏడు పెట్టెలు, అందులో నాలుగు టైనీలు. ఏడు కొంటున్నారు కదా అని ఓనర్ కాస్త మెత్తబడ్డాడు. బిల్లు పుస్తకం తీసి ఏడు సీరియల్ నంబర్లూ వరసగా రాశాడు. కింద నాలుగు అడాప్టర్లకీ మూడు నెలలని రాసి సంతకం పెట్టాడు.

"బావా, రెండు డెల్‌లకీ స్పేర్ ఎస్ఎంపీఎస్ ఒకటి అడుగు" అన్నాడు మా బావమరిది, మెట్లు దిగబోతూ. మళ్ళీ వెనక్కి వెళ్ళాం. ఉందట, కానీ గోడౌన్‌లో ఉందట, సోమవారం రమ్మన్నాడు.